పుర్రె అడుగు రంధ్రాలు: ఫస్టియర్‌లో మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు

ప్రతి బ్యాచ్‌లోనూ డిసెక్షన్ హాల్ బయట నన్ను ఆపి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచి, జవాబులు ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న నుంచైనా మొదలుపెట్టొచ్చు. పక్కన పుర్రె ఉంటే మంచిది. రెండు సన్నటి చీపురుపుల్లలు కూడా దగ్గర పెట్టుకోండి, బొమ్మల కంటే అవే ఎక్కువ నేర్పుతాయి.

## పుర్రె చేతిలోకి తీసుకోకముందు

మూడు ఫోసాలు అంటారు, ఎక్కడ ఏది అయిపోయి ఏది మొదలవుతుందో తెలియట్లేదు. హద్దులు ఎలా పట్టుకోవాలి?

పైకప్పు తీసేసిన పుర్రెను పక్కనుంచి చూడండి. లోపలి నేల మూడు మెట్లుగా వెనక్కి దిగుతుంది. ముందున్న పై మెట్టు యాంటీరియర్ ఫోసా, నడిమి మెట్టు మిడిల్, అన్నిటికంటే లోతైనది పోస్టీరియర్.

మొదటి మెట్టు అంచు స్ఫీనాయిడ్ ఎముక లెస్సర్ వింగ్ వెనక అంచే. వేలితో తడిమితే కత్తి అంచులా సన్నగా తగులుతుంది. మధ్యకు వచ్చేసరికి మొనదేలి ఆగిపోతుంది, ఆ మొన యాంటీరియర్ క్లినాయిడ్. రెండో మెట్టు అంచు టెంపోరల్ ఎముకలోని పెట్రస్ భాగం పైగట్టు. ఇది చెవి వైపు నుంచి మధ్యకు, కొంచెం ముందుకు ఏటవాలుగా సాగే మందమైన గట్టు. ఈ రెండు అంచులూ తడిమితే మూడు ఫోసాలూ వచ్చేసినట్టే. ముందు మెట్టు మీద ఫ్రంటల్ లోబ్, నడిమి గుంటల్లో టెంపోరల్ లోబ్, వెనక లోతులో సెరిబెల్లమ్, బ్రెయిన్‌స్టెమ్ ఉంటాయి.

ఇన్ని రంధ్రాలు! ఏ వరసలో చదవాలి?

ముందు నుంచి వెనక్కి చదవమని పుస్తకాలు చెబుతాయి. నేనైతే మిడిల్ ఫోసాతో మొదలుపెట్టమంటాను. అక్కడ స్ఫీనాయిడ్ గ్రేటర్ వింగ్ మీద మూడు రంధ్రాలు నెలవంకలా వరుసగా ఉంటాయి: రొటండం, ఓవేల్, స్పైనోసం. ఆ నెలవంక ముందు కొసన సుపీరియర్ ఆర్బిటల్ ఫిషర్ ఉంటుంది. ట్రైజెమినల్ నరం మూడు కొమ్మలూ ఈ వరసలోంచే విడిగా బయటికి పోతాయి. మొదటిది ఫిషర్ గుండా కంటి గూటికి, రెండోది రొటండం గుండా చెంప వైపు, మూడోది ఓవేల్ గుండా దవడకు. ఒక్క నరాన్ని పట్టుకుంటే మూడు ద్వారాలు గుర్తుంటాయి. స్పైనోసం మాత్రం ముఖ్యంగా రక్తనాళం దారి.

ఆ వరస చేతికి వచ్చాక పోస్టీరియర్ ఫోసాకు వెళ్లండి. యాంటీరియర్ చివర్లో చాలు, అక్కడ పని తక్కువ.

## పుర్రె చేతిలో ఉన్నప్పుడు

లోపలినుంచి చూస్తే రొటండం కనిపిస్తోంది, పుర్రె తిరగేస్తే కింద ఎక్కడా లేదు. మా బోన్ సెట్‌లో లోపమా?

బోన్ సెట్ బాగానే ఉంది. రొటండం కిందికి తెరుచుకోదు, ముందుకు తెరుచుకుంటుంది. ఓవేల్, స్పైనోసం నేలకు పెట్టిన కన్నాల్లాంటివి, రొటండం ఎదురుగోడకు పెట్టిన కిటికీ లాంటిది. లోపలినుంచి చీపురుపుల్లను దాదాపు అడ్డంగా పట్టి ముందుకు పోనివ్వండి. పైదవడ ఎముక వెనక, టెరిగాయిడ్ ప్లేట్ల ముందు ఉన్న ఇరుకు సందులో దాని కొస కనిపిస్తుంది. ఆ సందు పేరు టెరిగోపాలటైన్ ఫోసా. మాక్సిలరీ నరం వెళ్లేది అక్కడికే.

నా ఫస్టియర్ వైవాలో పుర్రె అడుగువైపు చూపించి "రొటండం ఏదీ?" అని అడిగారు. నేను ధైర్యంగా ఓవేల్ మీద వేలు పెట్టాను. ఎగ్జామినర్ ఏమీ అనలేదు, చేతికో పుల్ల ఇచ్చి "లోపలినుంచి పంపించు చూద్దాం" అన్నారు. పుల్ల ముందువైపు తేలేసరికి నా మొహం చూడాలి! ఆ రోజు నుంచి ఆ రంధ్రాన్ని మాత్రం మర్చిపోలేదు.

ఓవేల్ ఏదో, స్పైనోసం ఏదో తికమక పడుతున్నాను. తేల్చుకునే గుర్తు ఏమైనా ఉందా?

సైజు ఒక గుర్తు. ఓవేల్ కోడిగుడ్డు ఆకారంలో, సుమారు 7 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. స్పైనోసం గుండుసూది తల కంటే కాస్త పెద్దది, ఓవేల్‌కు వెనక, బయటివైపు. కింద చూస్తే స్పైనోసం పక్కనే స్ఫీనాయిడ్ ముల్లు పొడుచుకొచ్చి ఉంటుంది, పేరు కూడా దాని మీదే వచ్చింది.

సైజు కంటే నమ్మకమైన గుర్తు లోపలివైపు గాడి. స్పైనోసం దగ్గర మొదలైన సన్నటి గాడి ఎముక మీద పాకుతూ బయటికి, పైకి వెళ్లి చెట్టు కొమ్మల్లా చీలుతుంది. మిడిల్ మెనింజియల్ ధమని ఉన్న చోట అది. గాడిని వెనక్కి పట్టుకుంటూ వస్తే స్పైనోసం దగ్గరే ఆగుతారు. ధమనితోపాటు మాండిబ్యులర్ నరం నుంచి వెనక్కి తిరిగొచ్చే చిన్న మెనింజియల్ కొమ్మ కూడా ఆ రంధ్రంలోంచే లోపలికి వస్తుంది.

ఓవేల్ గుండా మాండిబ్యులర్ నరం, యాక్సెసరీ మెనింజియల్ ధమని, లెస్సర్ పెట్రోసల్ నరం, ఒక ఎమిసరీ సిర వెళ్తాయి. ఒక్కోసారి స్పైనోసం ఒకవైపు పూర్తిగా మూసుకోక ఓవేల్‌తో కలిసిపోయి కనిపిస్తుంది. అరుదుగా అసలే ఉండదు, అలాంటప్పుడు మెనింజియల్ ధమని కంటి గూటిలోని ఆఫ్తాల్మిక్ ధమని నుంచి పుట్టి ఉండొచ్చు. కాబట్టి రెండు వైపులూ చూశాకే చెప్పండి.

ఫొరామెన్ లాసెరమ్ గుండా ఇంటర్నల్ కెరోటిడ్ వెళ్తుందని సీనియర్ చెప్పారు, సార్ కాదన్నారు. ఎవరిది నిజం?

సార్‌దే. ఎండిన పుర్రెలో లాసెరమ్ పెద్ద గరుకు కన్నంలా కనిపిస్తుంది. కానీ బతికున్న మనిషిలో దాని కింది భాగాన్ని ఫైబ్రోకార్టిలేజ్ మూసేస్తుంది. కెరోటిడ్ ధమని పెట్రస్ ఎముకలోని తన సొంత కాలువ గుండా వచ్చి, ఈ మూత పైనుంచి దాటి, పైకి కావెర్నస్ సైనస్‌లోకి మలుపు తిరుగుతుంది. మ్యాన్‌హోల్ మూత మీదుగా బండి పోయినట్టు అనుకోండి. బండి మ్యాన్‌హోల్లోకి దిగదు కదా.

మూతను తొలుచుకుని నిజంగా ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లేవి రెండే: అసెండింగ్ ఫేరింజియల్ ధమని మెనింజియల్ కొమ్మ, ఒక ఎమిసరీ సిర. గ్రేటర్ పెట్రోసల్, డీప్ పెట్రోసల్ నరాలు కలిసేది కూడా ఈ ప్రాంతంలోనే. కలిసి ముందున్న టెరిగాయిడ్ కాలువలోకి పోతాయి.

ఇది ఊరికే మాటల తగువు అనుకోకండి. ఈ మూత కిందే నేసోఫేరింక్స్ ఉంటుంది. అక్కడ పుట్టిన క్యాన్సర్ కార్టిలేజ్‌ను తొలుచుకుని ఇటునుంచే కావెర్నస్ సైనస్‌కు ఎక్కగలదు. గొంతు వెనక గడ్డ ఉన్నవాళ్లు "రెండుగా కనిపిస్తోంది" అంటూ 6వ నరం దెబ్బతో రావడానికి దారి అదే.

సుపీరియర్ ఆర్బిటల్ ఫిషర్‌లో రింగ్ లోపల ఎవరు, బయట ఎవరు? బట్టీ పట్టినా నిలవట్లేదు.

బట్టీ వద్దు, కంటి కండరాలను ఒక శంఖువులా ఊహించుకోండి. ఆ శంఖువు మొన దగ్గర ఉన్న టెండన్ రింగ్ ఫిషర్ లోపలి భాగాన్ని చుట్టుకుని ఉంటుంది. శంఖువు లోపల పని ఉన్న నరాలు రింగ్ లోపలినుంచే వెళ్తాయి. 3వ నరం రెండు శాఖలు, 6వ నరం, కంటిగుడ్డుకు స్పర్శ ఇచ్చే నేసోసీలియరీ అలాంటివి.

నుదుటికి వెళ్లే ఫ్రంటల్, కన్నీటి గ్రంథికి వెళ్లే లాక్రిమల్ కండరాల పైనుంచి, గూటి కప్పు కిందుగా పోతాయి. వాటికి శంఖువులో పని లేదు కాబట్టి రింగ్ బయటే. 4వ నరం సుపీరియర్ ఆబ్లిక్‌ను దాని పైవైపు నుంచే చేరుతుంది, అదీ బయటే. సుపీరియర్ ఆఫ్తాల్మిక్ సిర కూడా వీటితోనే.

కంటి ఆపరేషన్‌కు ముందు శంఖువు లోపలికి మత్తు ఇంజెక్షన్ ఇస్తే మిగతా కదలికలు ఆగిపోయినా సుపీరియర్ ఆబ్లిక్ కొంచెం కదలడం చూడొచ్చు. 4వ నరం శంఖువు బయట ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

మా పుర్రెలో క్రిబ్రిఫార్మ్ ప్లేట్ పగిలిపోయి ఒక్కటే పెద్ద కన్నంలా ఉంది. అక్కడ ఏముండాలి?

చాలా పుర్రెల్లో అంతే, ఎన్నో చేతులు మారిన ఎముకలు మరి. అసలు అక్కడ జల్లెడలాంటి పలచటి పలక ఉండాలి, దాని మధ్యలో కోడిపుంజు నెత్తి మీది జుట్టులా నిలబడే క్రిస్టా గల్లి. ఆ జల్లెడ కన్నాల గుండా ఒక్కోవైపు సుమారు 20 వాసన నరపు పోగులు ముక్కు కప్పు నుంచి పైకి వస్తాయి. పక్క సందులోంచి యాంటీరియర్ ఎత్మాయిడల్ నరం, రక్తనాళాలు ముక్కులోకి దిగుతాయి. మీ పుర్రెలో అది పగిలిందంటే ఎంత పలచనో అర్థం చేసుకోండి.

## వైవా టేబుల్ ముందు

జుగులర్ ఫొరామెన్‌లో ఏది ముందు, ఏది వెనక? రెండు వైపులా సైజు తేడా ఎందుకు?

ముందు భాగంలో ఇన్‌ఫీరియర్ పెట్రోసల్ సైనస్. మధ్యలో 9, 10, 11 నరాలు. వెనక భాగంలో సిగ్మాయిడ్ సైనస్, అది కిందికి దిగి ఇంటర్నల్ జుగులర్ సిర అవుతుంది. అంటే నరాలకు ముందూ వెనకా రక్తమే.

ఎక్కువమందిలో కుడివైపు రంధ్రం పెద్దది. నడినెత్తి మీదుగా వచ్చే సుపీరియర్ సాజిటల్ సైనస్ వెనకకు చేరాక తరచుగా కుడి ట్రాన్స్‌వర్స్ సైనస్‌లోకే మళ్లుతుంది. ఆ రక్తమంతా కుడి సిగ్మాయిడ్ గుండా దిగాలి కాబట్టి ఆవైపు గాడీ రంధ్రమూ పెద్దవవుతాయి. స్కాన్‌లో ఒక్క సైజు తేడా చూసి గడ్డ అనుకోకూడదు. రంధ్రం అంచు ఎముక నున్నగా ఉందా, కొరికినట్టు ఉందా అన్నది చూడాలి.

11వ నరం ఫొరామెన్ మాగ్నం గుండా వెళ్తుందా, జుగులర్ గుండానా? రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంది.

రెండూ నిజమే. దాని స్పైనల్ రూట్ మెడ వెన్నుపాము పైభాగంలో పుడుతుంది. అక్కడినుంచి ఫొరామెన్ మాగ్నం గుండా పుర్రెలోకి ఎక్కి, మళ్లీ జుగులర్ ఫొరామెన్ గుండా బయటికి దిగిపోతుంది. పుర్రెలోకి వచ్చి వెళ్లే చుట్టం లాంటిది. ఫొరామెన్ మాగ్నం జాబితాలో మెడుల్లా కింది కొస, మెనింజెస్, రెండు వర్టెబ్రల్ ధమనులు, స్పైనల్ ధమనులు చెప్పి ఈ రూట్‌ను వదిలేస్తారు చాలామంది. ఎగ్జామినర్ "ఇంకా?" అన్నారంటే తరచుగా దీనికోసమే.

ఫేషియల్ నరం ఇంటర్నల్ అకౌస్టిక్ మియాటస్ గుండా బయటికి వస్తుందని రాశాను, మార్కు పోయింది. ఎందుకు?

అది లోపలికి దిగే ద్వారం. 7, 8 నరాలు, లాబిరింథైన్ ధమని పెట్రస్ ఎముక వెనకవైపు ఉన్న ఈ ద్వారంలోకి కలిసి దూరతాయి. 8వ నరం లోపలి చెవి దగ్గరే ఆగిపోతుంది. 7వ నరం ఎముకలోనే మలుపులు తిరిగి స్టైలోమాస్టాయిడ్ ఫొరామెన్ గుండా బయటపడుతుంది. పుర్రె తిరగేసి స్టైలాయిడ్ ముల్లుకు, మాస్టాయిడ్ బుడిపెకు మధ్య చూడండి, కనిపిస్తుంది.

మూతి వంకర పోయినవాళ్లలో నాలుక ముందు భాగం రుచి కూడా పోయి, చప్పుళ్లు పెద్దగా వినిపిస్తుంటే దెబ్బ ఎముక లోపలి దారిలో ఉందన్నమాట. రుచి బాగుండి ముఖ కండరాలే పడిపోతే బయటి ద్వారం దాటాక ఉండొచ్చు.

ఆప్టిక్ కెనాల్ ఏ ఫోసాలో రాయాలి?

మిడిల్ ఫోసాలో రాయండి, కాలేజీల్లో ఎక్కువగా ఆడే లెక్క అదే. లెస్సర్ వింగ్ రెండు రూట్ల మధ్య ఉంటుంది కాబట్టి సరిగ్గా సరిహద్దు మీద ఇల్లు అన్నమాట. ఆప్టిక్ నరం తన మెనింజెస్ తొడుగుతో, దాని కింద ఆఫ్తాల్మిక్ ధమనితో వెళ్తుంది. సిర మాత్రం ఈ కాలువలో వెళ్లదు.

## వార్డుకి వెళ్లాక

ఇదంతా పరీక్షకేనా? ఒక పేషెంట్ మీద ఎలా పనికొస్తుందో చెప్పండి.

2021లో కోవిడ్ రెండో దశ తర్వాత మన రాష్ట్రాల్లో బ్లాక్ ఫంగస్ కేసులు వెల్లువలా వచ్చాయి, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికోసం నోడల్ కేంద్రం చేశారు. ఆ జబ్బు ముక్కులో మొదలై ఎక్కుతుంది. ఎంతవరకు ఎక్కిందో స్కాన్ రాకముందే మంచం పక్కన అంచనా వెయ్యొచ్చు. ఉదాహరణకు షుగర్ అదుపులో లేని 55 ఏళ్ల మనిషి అనుకుందాం.

మొదటి రోజు కుడి చెంప మొద్దుబారింది, ముక్కులో నల్లటి పెచ్చు. వెంటనే "రొటండం!" అనకండి. చెంపకు స్పర్శ ఇచ్చే ఇన్‌ఫ్రాఆర్బిటల్ నరం మాక్సిలరీ సైనస్ కప్పు మీదుగానే వెళ్తుంది. జబ్బు సైనస్‌లోనే ఉన్నా ఆ నరం దెబ్బతినొచ్చు. ఇప్పుడు నోరు తెరవమని కుడివైపు అంగిలిని పుల్లతో తాకండి. అంగిలి చర్మం మామూలుగా ఉండి స్పర్శ మాత్రం లేదంటే, అంగిలి కొమ్మలు విడిపోయే టెరిగోపాలటైన్ ఫోసా దాకానో, దాని వెనకున్న రొటండం దాకానో జబ్బు వచ్చి ఉండొచ్చు. అంగిలే నల్లబడి ఉంటే ఈ పరీక్షకు విలువ లేదు, అక్కడి కండే చచ్చిపోయింది కాబట్టి.

మర్నాడు కుడి రెప్ప వాలిపోయింది. రెప్ప ఎత్తి చూస్తే కన్ను ఎటూ కదలట్లేదు, కంటిపాప పెద్దదై ఉంది. నుదుటి మీద దూది తాకితే తెలియట్లేదు. కార్నియాను దూది కొసతో తాకితే కుడి కన్నే కాదు, ఎడమ కన్ను కూడా మూసుకోలేదు. అంటే కబురు లోపలికే చేరలేదు, నేసోసీలియరీ దెబ్బతింది. 3, 4, 6 నరాలు, ట్రైజెమినల్ మొదటి కొమ్మ అన్నీ ఒకేసారి పోయే ఇరుకు ద్వారం సుపీరియర్ ఆర్బిటల్ ఫిషర్. అప్పటికి చూపు బాగుంటే దాని పక్కనున్న ఆప్టిక్ కెనాల్ ఇంకా చిక్కలేదని అర్థం. సాయంత్రానికి చూపూ మసకబారితే ఆర్బిటల్ ఏపెక్స్ మొత్తం చిక్కింది. రెటీనా ధమని మూసుకుపోయినా చూపు పోతుంది, కాబట్టి కంటి డాక్టరు లోపల చూసి చెప్పాలి.

మూడో రోజు ఎడమ కన్ను బయటికి తిరగడం మానేసిందనుకోండి. ఎడమ గూట్లో జబ్బు లేదు. రెండు కావెర్నస్ సైనస్‌లనీ పిట్యుటరీ ముందూ వెనకా సిరల వంతెనలు కలుపుతాయి. జబ్బు పుర్రె లోపలికి ఎక్కి అటుపక్కకు దాటిందన్న అనుమానం గట్టిగా రావాలి. కావెర్నస్ సైనస్‌లో కెరోటిడ్ పక్కనే నడిచేది 6వ నరం, అందుకే మొదటి దెబ్బ దానికి తగలొచ్చు.

ఇంత చూసినా ఎంఆర్‌ఐ తప్పదు. నరాల పరీక్ష ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఎంత కోయాలో చెప్పదు.

తలకు దెబ్బ తగిలి ముక్కులోంచి నీళ్లు కారుతున్న పేషెంట్‌కి ముక్కు గుండా రైల్స్ ట్యూబ్ వెయ్యొద్దంటారు. ఎందుకు?

యాంటీరియర్ ఫోసా నేల పగిలినప్పుడు క్రిబ్రిఫార్మ్ పలక కూడా చీలి ఉండొచ్చు. ముక్కు కప్పుకూ మెదడుకూ మధ్య ఉన్నది ఆ పలకే. దాని మీది పొరలు చిరిగితే సెరెబ్రోస్పైనల్ ద్రవం ముక్కులోకి కారుతుంది. గుడ్డిగా తోసిన ట్యూబ్ అదే చీలిక గుండా పుర్రెలోకి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. కడుపు ఖాళీ చెయ్యాల్సివస్తే నోటి గుండా వేస్తారు.

ముందుకు వంగినప్పుడు ఒక ముక్కులోంచే పలచటి నీళ్లు ఎక్కువగా కారుతాయా, నోటికి ఉప్పగా తగులుతోందా అని అడగండి. రెండు కళ్ల చుట్టూ నల్లగా కమిలి ఉంటే అనుమానం పెరుగుతుంది. చెవి వెనక మాస్టాయిడ్ మీద కమిలితే పెట్రస్ వైపు పగులు గుర్తు. ఆ కమలడం కనబడటానికి ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పడుతుంది, కాబట్టి మొదటి గంటలో లేదని పగులు లేదనుకోకూడదు.

హెల్మెట్ లేకుండా పడ్డవాళ్లు లేచి మాట్లాడి, తర్వాత కుప్పకూలుతారు. స్పైనోసంకీ దీనికీ ఏమిటి సంబంధం?

స్పైనోసం గుండా వచ్చిన మిడిల్ మెనింజియల్ ధమని ముందు శాఖ కణత దగ్గర టెరియన్ కిందుగా పోతుంది. చెంప ఎముక వంపుకు సుమారు 4 సెంటీమీటర్ల పైన అది. అక్కడ ఎముక పలచన, ధమని దానికి అంటుకుని ఉంటుంది. ఎముక పగిలితే ధమని చిరుగుతుంది. రక్తం ఎముకకూ డ్యూరాకూ మధ్య పొరను విడదీసుకుంటూ చేరుతుంది. అందుకు కాస్త సమయం పడుతుంది, ఆ లోపు మనిషి బాగానే మాట్లాడతాడు. సీటీలో కటకం ఆకారపు తెల్లటి మచ్చ కనిపిస్తుంది.

రక్తం పెరిగి టెంపోరల్ లోబ్‌ను లోపలికి నొక్కితే 3వ నరం చితికి, సాధారణంగా అదేవైపు కంటిపాప పెద్దదవుతుంది. పెద్దదై వెలుగుకు స్పందించని కంటిపాప ఏవైపు ఉందో అదేవైపు కణత మీద వాపు వెతకండి.

గొంతు బొంగురుపోయి, మింగలేకపోతున్న పేషెంట్‌లో దెబ్బ ఏ రంధ్రం దగ్గరో మంచం పక్కనే చెప్పగలమా?

చాలావరకు చెప్పగలం. నోరు తెరిచి "ఆ" అనమనండి. కొండనాలుక ఎడమకు లాగిందంటే కుడివైపు 10వ నరం బలహీనం, బాగున్న వైపు కండరమే లాగుతోంది కాబట్టి. గొంతు వెనక కుడివైపు తాకితే తెలియకపోతే 9వ నరం కూడా. భుజాలు ఎగరేయమంటే కుడి భుజం లేవకపోతే 11వది. మూడూ కలిసి పోయే చోటు జుగులర్ ఫొరామెన్.

ఇప్పుడు నాలుక బయటపెట్టమనండి. నిటారుగా వస్తే 12వ నరం బాగుంది, దాని హైపోగ్లోసల్ కాలువ జుగులర్‌కు కాస్త లోపలగా, కిందుగా వేరే ఉంటుంది. నాలుక కుడివైపు తిరిగిందంటే జబ్బు ఆ కాలువను కూడా పట్టింది. కొండనాలుక జబ్బు నుంచి పారిపోతుంది, నాలుక జబ్బు వైపే వెళ్తుంది. దీంతోపాటు చెవిలో గుండె చప్పుడులా మోత ఉందంటే గ్లోమస్ గడ్డ గుర్తుకు రావాలి. అప్పుడు కర్ణభేరి వెనక ఎర్రటి మచ్చ కోసం ఓటోస్కోప్ పెట్టి చూడండి. చెవిలో కనిపించిన ఎర్రటి గడ్డను దేన్నీ సూదితో గుచ్చకూడదు, అది రక్తంతో నిండి ఉంటుంది.